మార్చి 31న మూడు లెక్కలు: నెలనెలా అడగని అప్పును కొలవడం ఎలా

ఒక ఇల్లు గడిచిన ఏడాదిలో ముందుకు నడిచిందా, వెనక్కి జరిగిందా అని తెలుసుకోవడానికి మూడు సంఖ్యలు చాలునని నేను నమ్ముతాను. వచ్చిన ఆదాయంలో ఎంత భాగం నిజంగా మిగిలిందో చెప్పేది పొదుపు శాతం. ఉన్న అప్పు ఏడాది ఆదాయంలో ఎంత వంతో చెప్పేది అప్పు–ఆదాయ నిష్పత్తి. రేపటి నుంచి రాబడి ఆగిపోతే చేతిలో ఉన్న డబ్బుతో ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో చెప్పేది మూడవది. ఈ మూడూ మంచి కొలతలే. అయితే వీటిని మనకు పరిచయం చేసే పుస్తకాలూ, వీడియోలూ నెల జీతం, నెల ఈఎంఐ తప్ప వేరే రాకపోకలు లేని పట్టణపు కుటుంబాన్ని మనసులో పెట్టుకుని తయారైనవి. అనంతపురంలో నేను చూసే ఇళ్లు అలా ఉండవు. ఒకే ఇంట్లో ఒకరి జీతం, ఊళ్లో నాలుగైదు ఎకరాల వానాధార భూమి, బ్యాంకులో పంట రుణం, కుదువ పెట్టిన బంగారం, నడుస్తున్న చీటీ అన్నీ కలిసి ఉంటాయి. అటువంటి ఇంటికి ఆ మూడు సంఖ్యలను ఉన్నవున్నట్లుగా వాడితే, ముఖ్యంగా రెండవది, పూర్తిగా తప్పు జవాబు చెబుతుంది. సంఖ్యలను మార్చనక్కరలేదు. ఒక్కొక్కదానిలో ఏది లెక్కపెట్టాలి, ఏది వదిలేయాలి అన్నది మార్చుకోవాలి.

ఇందుకు మా తోడల్లుడి ఇంటి లెక్కనే ఉదాహరణగా తీసుకుంటాను. లెక్కల పుస్తకం రాసేది మా మరదలు. ఈ వ్యాసంలో వాళ్ల అంకెలను వాడుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆయన అనంతపురంలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తాడు, నెలకు చేతికి 32,000 రూపాయలు వస్తుంది. ఆమె బట్టలు కుట్టి నెలకు సగటున 6,000 సంపాదిస్తుంది. ఊళ్లో ఐదెకరాల్లో వేరుశెనగ వేస్తారు. పోయిన ఏడాది కాయలు, పశుగ్రాసం అమ్మగా వచ్చినదీ, పీఎం కిసాన్ కింద వచ్చిన 6,000 రూపాయలూ కలిపితే 2,15,000 అయింది.

మొదటి పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఆ 2,15,000 రూపాయలు ఆదాయం కాదు. విత్తనం, దున్నకం, ఎరువులు, కలుపు కూలీ, కాయ పెరికి కొట్టే కూలీ కలిపి 1,40,000 పెట్టుబడి అయింది కాబట్టి సేద్యం వల్ల ఇంటికి వచ్చింది 75,000 మాత్రమే. అమ్మకం మొత్తాన్ని ఆదాయంగా రాసుకుంటే ఏడాది రాబడి 6,71,000గా కనబడుతుంది. పెట్టుబడి తీసివేస్తే 5,31,000. ఆదాయం అన్నది మూడు సంఖ్యల్లో రెండింటికి హారంగా ఉంటుంది కాబట్టి ఈ ఒక్క తేడాతో అప్పు తేలికగానూ, పొదుపు తక్కువగానూ కనబడి రెండూ చెడిపోతాయి.

పొదుపు శాతానికి రోజువారీ ఖర్చులు రాసుకోవలసిన అవసరం లేదు. చాలామంది ఈ పనిని మధ్యలో మానేయడానికి కారణం ఆ రాతే. దానికి బదులు మార్చి 31న ఉన్న నిల్వలను పోయిన మార్చి 31 నాటి నిల్వలతో పోల్చితే సరిపోతుంది, ఎందుకంటే ఖర్చు కాకుండా మిగిలినది ఎక్కడో ఒకచోట నిల్వగా కనబడక తప్పదు. మా మరదలు అలాగే చేసింది. పోయిన ఏడాది బ్యాంకు ఖాతాలో 60,000, ఫిక్స్‌డ్ డిపాజిట్ 1,00,000, చీటీలో కట్టినది 40,000, అంతా కలిపి రెండు లక్షలు. ఈ ఏడాది ఖాతాలో 85,000, డిపాజిట్ 1,50,000, చీటీలో 1,00,000, కలిపి 3,35,000. పెరిగింది 1,35,000. దానిని 5,31,000తో భాగిస్తే 25 శాతానికి పైగా వస్తుంది. ఇద్దరు పిల్లలను చదివించుకుంటూ ఆదాయంలో నాలుగో వంతు మిగిల్చామని వాళ్లు సంతోషించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ సంతోషాన్ని తగ్గించవలసి వచ్చింది, ఎందుకంటే నిల్వలు పెరిగినట్లే అప్పులూ పెరిగాయి. పోయిన మార్చిలో పంట రుణం 1,20,000, బంగారం మీద 80,000, బైకు మీద 50,000, మొత్తం రెండున్నర లక్షలు. ఈ మార్చికి పంట రుణం 1,60,000 అయింది, బంగారం మీద 1,50,000 అయింది, బైకు బాకీ 20,000కు తగ్గింది. మొత్తం 3,30,000. అంటే నిల్వల్లో పెరిగిన 1,35,000లో 80,000 అప్పు తెచ్చినదే. దానిని తీసివేస్తే నిజంగా మిగిలింది 55,000, ఆదాయంలో పది శాతం. ఈ ఇంటి పొదుపు శాతం పది, ఇరవై ఐదు కాదు. వానాధార సేద్యం మీద ఈ పది శాతమూ మెచ్చుకోదగినదే. కానీ రెండు అంకెల మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. ఒక చేత్తో అప్పు తెస్తూ మరో చేత్తో డిపాజిట్ వేస్తున్న ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి, వాటిలో డిపాజిట్ కాగితం ఒక్కటే గర్వంగా కనబడుతుంది.

ఈ లెక్కలో మూడు వస్తువులను నేను ఉద్దేశపూర్వకంగా బయట పెట్టాను. భూమి విలువ అందులో లేదు. జీతం నుంచి కోసుకునే పీఎఫ్ లేదు. అది ఆదాయంలోనూ, పొదుపులోనూ, చేతిలోని డబ్బులోనూ ఎక్కడా కలపలేదు కాబట్టి ఏడాదికీ ఏడాదికీ పోలిక చెడదు. బంగారం ధర పెరుగుదల కూడా లేదు. బంగారాన్ని రూపాయల్లో కాక గ్రాముల్లో రాసుకోవాలన్నది నా పట్టుదల. కొత్తగా కొన్న గ్రాములుంటే వాటికి పెట్టిన డబ్బు పొదుపు కిందికి వస్తుంది. ఉన్న గొలుసు ధర మార్కెట్లో పెరగడం ఆ ఇంటివాళ్లు మిగిల్చినది కాదు.

ఇక రెండవ సంఖ్య. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. బ్యాంకుకు వెళ్లి ఇంటి రుణమో, కారు రుణమో అడిగినప్పుడు వాళ్లు ముఖ్యంగా చూసేది నెల ఆదాయంలో ఈఎంఐల వంతు. మా తోడల్లుడికి బైకు ఈఎంఐ నెలకు 2,850. ఏడాదికి 34,200. జీతంతో పోల్చితే తొమ్మిది శాతం. ఆ లెక్కన ఆయన అప్పు భారం లేని మనిషి. ఆయన కూడా అలాగే అనుకున్నాడు. "అప్పంటే నెలనెలా కట్టేది కదన్నా. శెనక్కాయ లోను ఏడాదికోసారి తిరగరాసేది, బంగారం చూస్తే మనదే," అన్నాడు.

ఆ మాటలో తప్పెక్కడుందో నిదానంగా చూడాలి. పంట రుణానికి నెలవారీ వాయిదా లేదు. అసలూ వడ్డీ కలిపి ఏడాదికొకసారి కట్టాలి. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ ఏడు శాతం. గడువులోగా కడితే మూడు శాతం ప్రోత్సాహకంగా తిరిగి వస్తుంది కాబట్టి చివరికి పడేది నాలుగు శాతమే. ఇంత చవకైన అప్పు దొరకడం అరుదు, దానిని తీసుకోవద్దని నేను అనను. అయితే ఆచరణలో జరిగేది వేరు. గడువు దగ్గర పడగానే ఎవరి దగ్గరో నూటికి రెండు రూపాయల వడ్డీకి కొద్ది రోజుల కోసం చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, రెన్యువల్ చేయించుకుని, కొత్తగా వచ్చిన రుణంతో ఆ చేబదులు తీర్చేస్తారు. పంట డబ్బుతో రుణం తీరలేదు. కాగితాల మీద తీరి మళ్లీ పుట్టింది. పైగా ఎకరాకు ఎంత రుణం ఇవ్వవచ్చో జిల్లా స్థాయిలో నిర్ణయించే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ పెరిగిన కొద్దీ రెన్యువల్లో పరిమితి కూడా పెరుగుతుంది. ఐదెకరాలు ఐదెకరాలుగానే ఉండగా వీళ్ల పంట రుణం 1,20,000 నుంచి 1,60,000కు పోవడం ఆ విధంగానే జరిగింది. ఆ పెరిగిన 40,000 పొలంలోకి వెళ్లలేదని మా మరదలి పుస్తకం చెబుతోంది, ఎందుకంటే పెట్టుబడి అంతకుముందు ఏడాది కంటే పెద్దగా పెరగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రెన్యువల్ మార్చి చివర్లో పడితే 31వ తేదీన బ్యాంకు స్టేట్‌మెంట్లో పంట రుణం సున్నాగా కనబడవచ్చు. ఆ రోజు అప్పు చేబదులు రూపంలో వేరొకరి నోటు పుస్తకంలో ఉంటుంది. అందుకని నిల్వల తేదీన ప్రామిసరీ నోట్లు, నోటిమాట మీద తెచ్చినవి, డ్వాక్రా సంఘంలో తీసుకున్నవి అన్నీ అడిగి రాసుకోవాలి. ఇంట్లో ఒకరు తెచ్చిన చేబదులు మరొకరికి తెలియకపోవడం అరుదైన విషయం కాదు, కాబట్టి ఈ పనికి భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి.

బంగారం సంగతి ఇంకా సూక్ష్మమైనది. పోయిన ఏడాది వీళ్లు 32 గ్రాములు కుదువ పెట్టి 80,000 తీసుకున్నారు, గ్రాముకు 2,500 చొప్పున. ధర పెరిగింది కాబట్టి జనవరిలో అదే నగలను విడిపించి, తిరిగి పెట్టి, గొలుసు మీద 90,000, గాజుల మీద 60,000 తీసుకున్నారు. ఇప్పుడు గ్రాముకు దాదాపు 4,700 అప్పు ఉంది. నగలు అవే, జీతమూ ఇంచుమించు అదే, తీర్చవలసింది మాత్రం దాదాపు రెట్టింపు. "బంగారం మనదే కదా" అన్న మాట నగలు వదులుకోవడానికి సిద్ధపడిన వాళ్లకు సరిపోతుంది. మా మరదలు ఆ గొలుసును వదులుకోదు. వదులుకోనప్పుడు ఆ అప్పు తీరవలసింది ఆదాయం నుంచే, కనుక దానిని ఆదాయంతోనే పోల్చాలి. అప్పు మొత్తాన్ని కుదువలోని గ్రాములతో భాగించి ఏటా పక్కన రాసుకోమని నేను ఆమెకు చెప్పాను. ఆ అంకె పెరుగుతూ పోతుంటే ధర పెరుగుదలను ఇల్లు తినేస్తున్నదని అర్థం.

కాబట్టి మా వంటి ప్రాంతంలో ఈఎంఐలను కాదు, అప్పు మొత్తాన్ని ఏడాది ఆదాయంతో భాగించాలి. ఏ ఆదాయంతో అన్నది మిగిలిన ప్రశ్న. పోయిన ఏడాది ఆదాయం 5,31,000తో భాగిస్తే 62 శాతం వస్తుంది. కానీ పోయిన ఏడాది వాన బాగా పడింది. అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటు కంటే కూడా వాన ఎప్పుడు పడిందన్నదే పంటను నిర్ణయిస్తుంది, జూన్, జూలైలలో విత్తిన తరువాత ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో బెట్ట పడితే మొత్తం వర్షపాతం బాగున్నా గింజ నిలవదు. వీళ్ల సేద్యంలో పోయిన ఏడాది 75,000 మిగిలింది, అంతకు ముందు 30,000 మిగిలింది, దానికి ముందు ఏడాది 60,000 నష్టం వచ్చింది. మూడేళ్ల సగటు 15,000. అందుచేత అప్పును కొలిచేటప్పుడు జీతం 3,84,000, కుట్టుపని 72,000, సేద్యం 15,000 కలిపి 4,71,000ను ఆదాయంగా తీసుకోవాలంటాను. అప్పుడు నిష్పత్తి 70 శాతం. ఇదే పద్ధతిలో అంతకు ముందు ఏడాదికి కడితే 58 వచ్చింది. మంచి పంట పండిన ఏడాదిలో అప్పు బరువు 58 నుంచి 70కి పెరిగింది. మూడు సంఖ్యలలో నన్ను అన్నిటికంటే ఆందోళన పెట్టినది ఇదే.

పొదుపు శాతానికి ఆ ఏడాది అసలు ఆదాయాన్ని, అప్పుకు మూడేళ్ల సగటును వాడడం పరస్పర విరుద్ధమని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. నాకు అలా అనిపించదు. పొదుపు జరిగిపోయిన విషయం, కాబట్టి జరిగిన ఆదాయంతోనే దానిని కొలవాలి. అప్పు రాబోయే ఆదాయం నుంచి తీరవలసినది, రాబోయే వాన గురించి మన దగ్గర ఉన్న అంచనా గడిచిన కొన్నేళ్ల సగటు తప్ప వేరే లేదు. మూడేళ్లు చాలవు, ఐదేళ్లు తీసుకోవాలని ఎవరైనా అంటే కాదనను. రాసి పెట్టుకున్న లెక్క ఎన్నేళ్లదుంటే అన్నేళ్లు తీసుకోవచ్చు. ఒక్క మంచి ఏడాదిని మాత్రం హారంగా పెట్టకూడదు. మళ్లీ అరవై వేల నష్టం వచ్చే ఏడాది వస్తే, ఒక్క రూపాయి కొత్త అప్పు చేయకపోయినా, ఆదాయం 3,96,000కు పడిపోయి ఇదే అప్పు 83 శాతం అవుతుంది.

ఎంత దాటితే ప్రమాదం? ఇరవై ఏళ్లలో తీర్చే ఇంటి రుణం ఏడాది ఆదాయానికి మూడు రెట్లున్నా ఒక ఉద్యోగి నిశ్చింతగా ఉండవచ్చు. ఈ ఇంటి అప్పుకు అది వర్తించదు, ఎందుకంటే దాదాపు మొత్తానికీ గడువు పన్నెండు నెలల లోపే. అందువల్ల ఏడాది లోపు గడువున్న అప్పు సగటు ఆదాయంలో సగం దాటితే ఆ ఇల్లు రెన్యువల్ దయ మీద నడుస్తున్నదని నా అభిప్రాయం. ఏ కారణం చేతనైనా ఒక ఏడాది తిరగరాయడం కుదరకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది. రుణమాఫీ ఆశ మీద గడువు దాటించడం కూడా ఇటువంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తరువాతి రుణ ఉపశమనంలో కుటుంబానికి లక్షన్నర పరిమితితో, అదీ విడతలుగా డబ్బు వచ్చింది. ఈలోగా గడువు దాటించుకున్నవాళ్లకు మూడు శాతం ప్రోత్సాహకం పోయింది. ఖాతాలో పడిన రోజున తప్ప మాఫీని అప్పులోంచి తీసివేయకూడదు.

మూడవ సంఖ్య విషయంలో మా ప్రాంతపు చిక్కు తేదీలో ఉంది. ఇంటి అత్యవసర ఖర్చు, అంటే అద్దె, తిండి, కరెంటు, మందులు, పెట్రోలు, బైకు వాయిదా కలిపి నెలకు 26,000. వెంటనే తీసుకోగల డబ్బు ఖాతా, డిపాజిట్ కలిపి 2,35,000. చీటీని ఇందులో కలపలేదు, ఎందుకంటే అవసరపడిన నెలలో పాడుకోబోతే ఎంత తగ్గించుకోవలసి వస్తుందో ముందుగా తెలియదు. రిజిస్టరు కాని చీటీ అయితే చేతికి వచ్చేదాకా దానిని సున్నాగానే చూడాలి. ఈ లెక్కన తొమ్మిది నెలలు గడుస్తుంది. మార్చిలో చూస్తే అది నిజమే. మే నెలాఖరున చూస్తే నిజం కాదు. జూన్‌లో ఇద్దరు పిల్లల బడి ఫీజు మొదటి విడత, పుస్తకాలు కలిపి 40,000 కట్టాలి, రెన్యువల్ డబ్బు అందేలోగా విత్తనానికీ దున్నకానికీ 60,000 చేతినుంచి పెట్టాలి. ఆ లక్ష పోతే మిగిలేది 1,35,000, అంటే ఐదు నెలలకు కొద్దిగా ఎక్కువ. విత్తనం వేయకుండా ఉండవచ్చు కదా అని అడగవచ్చు. ఉద్యోగం పోయిన ఏడాది సేద్యం కూడా మానుకునే ఇల్లు నాకు తెలిసినంతలో లేదు, అలాంటప్పుడే భూమి మీద ఆశ ఎక్కువవుతుంది. అందుచేత పొదుపునూ అప్పునూ మార్చి 31న కొలిచినా, నెలల లెక్కను మే 31న, జూన్ ఖర్చులు ముందే తీసివేసి కొలవాలి. ఏడాది మొత్తంలో చెయ్యి బాగా ఖాళీ అయ్యే రోజు అది. కర్నూలు వైపు కాలువ కింద రెండు పంటలు తీసేవాళ్లకు ఆ తేదీ వేరుగా ఉండవచ్చు. ఎవరి చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందో వాళ్ల పాసుపుస్తకంలో గత రెండేళ్ల కనిష్ఠ నిల్వ తేదీలు చూస్తే తెలిసిపోతుంది.

మూడు సంఖ్యలు పక్కపక్కన పెట్టగానే మా మరదలు అడిగింది: "డిపాజిట్ తీసేసి బంగారం విడిపించుకుంటే పోలేదా బావా? దాని వడ్డీ కంటే దీని వడ్డీ ఎక్కువే కదా." వడ్డీ వరకు ఆమె మాట సరైనదే. లక్షన్నర డిపాజిట్‌తో బంగారం అప్పు మొత్తం తీరిస్తే నిష్పత్తి 70 నుంచి 38కి దిగుతుంది. కానీ అదే రోజున మూడవ సంఖ్య కూలిపోతుంది. ఖాతాలో మిగిలే 85,000 జూన్ ఖర్చులకే చాలదు, 15,000 తక్కువ పడుతుంది. విడిపించిన నగలను ఒక్క పూటలో తిరిగి కుదువ పెట్టవచ్చన్నది నిజం, అందువల్ల పరిస్థితి కనబడినంత భయంకరం కాదు. కానీ జూన్‌లో తిరిగి పెట్టడానికి ఏప్రిల్‌లో విడిపించడంలో లాభం లేదు. ఒక్క నిష్పత్తిని మాత్రమే చూసేవాళ్లు ఇటువంటి నిర్ణయం సులభంగా తీసుకుంటారు. మూడింటినీ కలిపి చూడవలసిన అవసరం ఇక్కడే ఉంది.

చివరికి తేల్చుకున్నది ఇది. డిపాజిట్ జోలికి పోరు. చీటీ జూలై నెలాఖరుకు ముగుస్తుంది, మధ్యలో పాడుకోలేదు కాబట్టి ఫోర్‌మన్ కమీషన్ పోగా లక్ష పైనే వస్తుంది. దానితో ఆగస్టులో గొలుసు మీది 90,000, దాని వడ్డీ తీర్చేస్తారు. గాజుల కుదువ గడువు జనవరి వరకు ఉంది, అక్టోబరు, నవంబరులలో కాయ అమ్మిన డబ్బులో దానికి వంతు పెడతారు. జూన్‌లో పంట రుణం రెన్యువల్ చేసినప్పుడు పరిమితి పెరిగినా 1,60,000కు మించి తీసుకోకూడదనుకున్నారు; పెరిగిన భాగం ఖాతాలో కనబడితే ఖర్చు కాకుండా ఉండదని ఆమెకు అనుభవం మీద తెలుసు. ఇది జరిగితే ఆగస్టుకు అప్పు 2,40,000కు, నిష్పత్తి 51కి వస్తుంది. గాజులు కూడా విడిపిస్తే 38. వాన తప్పితే గాజులు మరో ఏడాది కుదువలో ఉంటాయి, అయినా గ్రాముకు అప్పు పెంచకుండా తిరగరాయాలన్నది వాళ్లు పెట్టుకున్న హద్దు. పుస్తకంలో వచ్చే మార్చి కోసం ఆమె నాలుగు గళ్లు గీసింది: పొదుపు శాతం, అప్పు నిష్పత్తి, మే 31 నాటి నెలలు, గ్రాముకు ఉన్న అప్పు.